కొత్తగా పరుగు మొదలుపెట్టాక కాలి ముందు ఎముక నొప్పి: షిన్ స్ప్లింట్సా, ఎముకలో పగులా?

నేను ఫిజియోథెరపిస్టుని. కొత్తగా జాగింగో వేగంగా నడవడమో మొదలుపెట్టి, నాలుగైదు వారాలు తిరక్కుండానే మోకాలికీ చీలమండకీ మధ్య నొప్పి పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్ళు చాలామంది. ఎన్ని రకాలుగా అడిగినా వాళ్ళ ప్రశ్న ఒకటే: ఇది కొంచెం తగ్గించుకుని నడిపించుకోవచ్చా, లేక పూర్తిగా ఆపేసి డాక్టర్‌కి చూపించుకోవాలా? వాళ్ళు మళ్ళీమళ్ళీ అడిగేవాటికి నేను చెప్పే జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

కాలి ముందు భాగంలో ఏ నొప్పి వచ్చినా షిన్ స్ప్లింట్సేనా?

కాదు. ముందు చోటు తేల్చుకోవాలి. కుర్చీలో కూర్చుని, నొప్పి ఉన్న కాలి చీలమండని రెండో మోకాలి మీద పెట్టుకోండి. చీలమండ లోపలి వైపు గుండ్రంగా పొడుచుకువచ్చిన ఎముక ఉంటుంది కదా, దాని మీద బొటనవేలు ఆనించి మోకాలి వైపు మెల్లగా పైకి జరపండి. ఎముక అంచు ఒకటి గట్టుగా తగులుతూ వస్తుంది. ఆ గట్టుకి వెనక మెత్తగా తగిలేది పిక్క కండ. ఎముకా కండా కలిసే ఆ అంచు వెంబడి, కాలి కింది సగంలో నొప్పి ఉంటే అది షిన్ స్ప్లింట్స్ చోటు. డాక్టర్లు దాన్ని మీడియల్ టిబియల్ స్ట్రెస్ సిండ్రోమ్ అని రాస్తారు. టిబియా అంటే మన బరువు మోసే ఆ లావు ఎముకే.

నొప్పి ఎముకకి బయటి వైపు, కండలోనే ఉంటే అది చాలావరకు పాదాన్ని పైకెత్తే కండ అలసిపోవడం. మడమ గట్టిగా ఆనించి వడివడిగా నడిచేవాళ్ళకి ఇది మొదటి వారంలోనే వస్తుంది, రెండు మూడు వారాల్లో కండ అలవాటు పడగానే పోతుంది. దీనికి భయపడక్కర్లేదు. వేగం కొంచెం తగ్గించి, అంగ పొడవు తగ్గిస్తే చాలు.

లోపల అసలు ఏం జరుగుతుంది?

పాదం నేల తాకిన ప్రతిసారీ టిబియా కొద్దిగా వంగుతుంది. కంటికి కనిపించేంత కాదు, కానీ వంగుతుంది. ఆ వంపుని పిక్క కండలు ఎదురులాగి తగ్గిస్తూ ఉంటాయి. కండలు అలసిపోతే వంపు పెరుగుతుంది, ఆ భారం ఎముక మీద, ఎముకని అంటిపెట్టుకున్న పొర మీద పడుతుంది. షిన్ స్ప్లింట్స్‌లో ఎముక అంచు వెంబడి ఒక పొడవాటి ప్రాంతమంతా ఇలా సతమతమవుతూ ఉంటుంది. స్ట్రెస్ ఫ్రాక్చర్‌లో ఆ భారం ఒకే చోట పోగుపడి, అక్కడ ఎముకలో సన్నని నెర్రె పడుతుంది. దెబ్బ తగిలి విరిగినట్టు కాదు; ఒక తీగని అటూ ఇటూ వంచుతూ పోతే ఒకచోట తెగడానికి సిద్ధమైనట్టు.

ఈ రెండింటి మధ్య గోడ లేదు. అందుకే మొదటి రోజు షిన్ స్ప్లింట్స్ అని తేల్చుకున్నాక కూడా వారం వారం మళ్ళీ చూసుకోమని చెబుతాను.

మూడు వారాలు హాయిగా పరిగెత్తాను. నాలుగో వారంలో ఎందుకొచ్చింది?

ఈ పేజీలో మీరు ఒక్క జవాబే చదివేట్టయితే ఇదే చదవండి.

ఊపిరి తొందరగా అలవాటు పడుతుంది. రెండు మూడు వారాలకే ఆయాసం తగ్గి, ఇంకో కిలోమీటరు పరిగెత్తగలను అనిపిస్తుంది. కండలు ఆ తర్వాత అలవాటు పడతాయి. ఎముక అన్నిటికంటే నెమ్మది. పైగా ఎముక బలపడే తీరు విచిత్రంగా ఉంటుంది: కొత్త భారం పడగానే అది ముందు తనని తాను తవ్వుకుంటుంది. అలసిన పాత ఎముకని కొన్ని కణాలు తొలిచి తీసేస్తాయి. ఆ పని మూడు నాలుగు వారాల్లో అయిపోతుంది. తవ్విన చోట కొత్త ఎముకని నింపే కణాలు మాత్రం తీరిగ్గా పనిచేస్తాయి. నింపి గట్టిపడడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది.

అంటే మొదలుపెట్టిన మూడో వారం నుంచి ఆరో వారం దాకా మీ టిబియా మునుపటికంటే కొంచెం బలహీనంగా ఉండే అవకాశం ఉంది. సరిగ్గా అప్పుడే ఊపిరి "ఇంకా వెళ్దాం" అంటుంది. చాలామంది ఆ వారాల్లోనే దూరం రెట్టింపు చేస్తారు, లేదా వారానికి మూడు రోజులున్నది ఆరు రోజులు చేస్తారు. నొప్పి నాలుగో వారంలో రావడం యాదృచ్ఛికం కాదు.

షిన్ స్ప్లింట్సో, పగులో ఇంట్లో ఎలా పోల్చుకోవాలి?

ముందు చెప్పినట్టే కూర్చుని, ఎముక లోపలి అంచుని కింది నుంచి పైకి ఒక్కో వేలు వెడల్పు చొప్పున నొక్కుతూ రండి. గోరు పక్కన రక్తం తగ్గి తెల్లబడేంత గట్టిగా నొక్కాలి, నిమిరితే తెలియదు. నొప్పి మొదలైన చోట పెన్నుతో ఒక గీత, ఆగిపోయిన చోట ఇంకో గీత పెట్టండి. రెండు గీతల మధ్య దూరం కొలవండి.

ఆ దూరం 5 సెంటీమీటర్లు, అంతకంటే ఎక్కువ ఉండి, నొక్కినంతసేపూ ఒకే రకం సలుపు ఉంటే షిన్ స్ప్లింట్స్ వైపు మొగ్గాలి. అలా కాకుండా బొటనవేలి కింద పట్టేంత చోటులోనే ఉండి, అక్కడ నొక్కగానే కాలు వెనక్కి లాక్కునేంత పోటు వస్తే, దానికి పైనా కిందా నొక్కితే ఏమీ లేకపోతే, అది పగులు కాదని డాక్టర్ చెప్పేదాకా పగులనే అనుకోండి. ఎముక మీద చిన్న బుడిపెలాగా వాపు తగిలితే అనుమానం ఇంకా బలపడుతుంది.

రెండో ఆధారం నొప్పి వచ్చిపోయే తీరు. షిన్ స్ప్లింట్స్ నొప్పి మొదటి పది నిమిషాలు ఉండి, ఒళ్ళు వేడెక్కాక తగ్గి, ఇంటికొచ్చాకో మర్నాడు పొద్దున మంచం దిగగానేనో మళ్ళీ పలకరిస్తుంది. ముదిరితే ఆ మధ్యలో వచ్చే ఊరట కూడా పోతుంది. పగులు నొప్పి పరిగెత్తే కొద్దీ పెరుగుతుంది, ఆగితే తప్ప తగ్గదు. ఇంకా ముదిరితే మామూలుగా ఇంట్లో నడిచినా వస్తుంది, ఆ తర్వాత రాత్రి పడుకున్నప్పుడు కూడా సలుపుతుంది. కుంటుతున్నారా అని ఇంట్లో వాళ్ళని అడగండి. మనం కుంటుతున్న సంగతి మనకంటే ముందు చూసేవాళ్ళకే తెలుస్తుంది.

ఈ రెండు ఆధారాలూ ఒకే వైపు చూపిస్తే నాకు ధైర్యం. ఒకటి అటూ ఒకటి ఇటూ చూపిస్తే పగులు వైపే లెక్క వేస్తాను. రెండు వారాలు అనవసరంగా పరుగు మానితే పోయేది రెండు వారాలే. పగులు మీద రెండు వారాలు పరిగెత్తితే పోయేది నెలలు.

ఒంటికాలి మీద గెంతి చూడమంటారు. చూడొచ్చా?

నడిస్తే నొప్పి లేనివాళ్ళు మాత్రమే, అదీ రెండు మూడు గెంతులే. మొదటి గెంతుకే ఒక చోట సూటిగా పోటు వస్తే అక్కడితో ఆపేయండి, దాన్ని మళ్ళీ రుజువు చేసుకోవాల్సిన పని లేదు. నడకకే నొప్పి ఉన్నవాళ్ళు ఈ పరీక్ష అసలు చేయకూడదు. గెంతినా నొప్పి రాలేదు కాబట్టి పగులు లేదు అనీ అనుకోకూడదు.

కంపించే ట్యూనింగ్ ఫోర్క్‌ని ఎముక మీద పెట్టి చూసే పద్ధతి కూడా ఒకటుంది. దాని మీద నాకు నమ్మకం లేదు. ఉన్నదాన్ని లేదనీ, లేనిదాన్ని ఉందనీ చెబుతుంది.

నా నొప్పి లోపలి అంచున కాదు, సరిగ్గా ఎముక ముందు అంచు మీదే ఉంది. అదీ ఇదేనా?

దీన్ని విడిగా చూడాలి. మోకాలి కింద నుంచి దిగే ఎముక ముందు అంచు, ఏదైనా తగిలితే ప్రాణం పోయినట్టుండేది, అక్కడ నడిమి భాగంలో ఒకే చోట నొక్కితే నొప్పి ఉంటే ఇంట్లో ప్రయోగాలు వద్దు. పరుగు ఆ రోజే ఆపి, ఎముకల డాక్టర్‌ని కలవండి.

ఎందుకంటే, ఎముక వంగినప్పుడు వెనక వైపు నొక్కుకుపోతుంది, ముందు వైపు సాగుతుంది. నొక్కుకునే వైపు పడ్డ నెర్రె రెండు అంచులూ దగ్గరగా ఉండి మానుతుంది. సాగే వైపు పడ్డ నెర్రె అడుగు పడిన ప్రతిసారీ నోరు తెరుస్తుంది, పైగా అక్కడ రక్తప్రసారం తక్కువ. అందుకే ఇది మానడానికి నెలల తరబడి పడుతుంది, ఒక్కోసారి ఆపరేషన్ చేసి ఎముకలో రాడ్ వేయాల్సి వస్తుంది, నిర్లక్ష్యం చేస్తే ఎముక పూర్తిగా విరిగే ప్రమాదమూ ఉంది. అదృష్టవశాత్తూ కొత్తగా పరిగెత్తేవాళ్ళలో ఇది అరుదు. ఎక్కువగా ఎగిరి దూకే ఆటగాళ్ళలో చూస్తాం.

ఎక్స్‌రే తీయించాను. ఏమీ లేదన్నారు. ఇక పరిగెత్తొచ్చు కదా?

ఈ మాట విన్నప్పుడల్లా నాకు గుండె గుభేలుమంటుంది. మొదటి రెండు మూడు వారాల్లో స్ట్రెస్ ఫ్రాక్చర్ ఎక్స్‌రేలో చాలావరకు కనిపించదు. నెర్రె వెంట్రుకకంటే సన్నం. ఎక్స్‌రేలో కనపడేది అసలు నెర్రె కంటే, అది మానుతున్నప్పుడు చుట్టూ పేరుకునే కొత్త ఎముకే. అది పేరుకోవడానికి వారాలు పడుతుంది. కొందరిలో చివరిదాకా కనిపించదు కూడా.

కాబట్టి ఎక్స్‌రేలో పగులు కనిపిస్తే ఉన్నట్టే. కనిపించకపోతే లేనట్టు కాదు. ఒక్క చోట పోటు, నడకకి నొప్పి ఉండి ఎక్స్‌రే బాగుంటే ఎంఆర్ఐ గురించి డాక్టర్‌ని అడగండి. నెర్రె పడకముందే ఎముక లోపల మొదలయ్యే నీరు కూడా అందులో తెలుస్తుంది, ఎంత ముదిరిందో అంచనా వేయవచ్చు. ఎంఆర్ఐకి వీల్లేకపోతే ఇంకో దారి ఉంది: పగులే అనుకుని పరుగు పూర్తిగా మాని, రెండు మూడు వారాల తర్వాత ఎక్స్‌రే మళ్ళీ తీయించడం.

షిన్ స్ప్లింట్స్ లక్షణాలు స్పష్టంగా ఉన్నవాళ్ళకి మాత్రం స్కాన్ ఏదీ అక్కర్లేదు. వేళ్ళతో నొక్కి చూడడం, నొప్పి కథ వినడం, ఈ రెండూ చాలు.

నేను పరిగెత్తను, నడుస్తానంతే. నడకకి ఎముక పగులుతుందా?

పగులుతుంది. అసలు వైద్యంలో ఈ జబ్బు మొదట కనిపించింది నడిచేవాళ్ళలోనే. 1855లో బ్రైట్‌హాప్ట్ అనే ప్రష్యా సైనిక వైద్యుడు, దూరం దూరం కవాతు చేసిన సైనికుల పాదాలు నొప్పితో వాచిపోవడం గమనించి రాశాడు. ఎక్స్‌రే వచ్చాక గానీ అది పాదం ఎముకల్లో పగులని తెలియలేదు. ఇప్పటికీ సైన్యంలో కొత్తగా చేరినవాళ్ళకి మొదటి వారాల్లో టిబియా పగుళ్ళు రావడం మామూలే.

నడకలో ఒక్కో అడుగుకి పడే భారం పరుగుకంటే తక్కువ, నిజమే. కానీ రోజుకి రెండు మూడు వేల అడుగులకి మించని మనిషి ఒక్కసారిగా పదిహేను వేల అడుగుల లక్ష్యం పెట్టుకుంటే, భారం తక్కువైనా సార్లు అయిదింతలు. ఎముకకి రెండూ లెక్కే.

షిన్ స్ప్లింట్స్ అయితే పరుగు పూర్తిగా ఆపేయాలా? ఎంత తగ్గించాలి?

ఎంత తగ్గించాలో నొప్పే చెబుతుంది. సున్నా నుంచి పది దాకా కొలత పెట్టుకోండి: సున్నా అంటే నొప్పి లేదు, పది అంటే భరించలేను. పరిగెత్తేటప్పుడు రెండు దాటకూడదు. మర్నాడు పొద్దున ఎముక అంచుని నొక్కితే ముందు రోజుకంటే ఎక్కువ నొప్పి ఉండకూడదు. ఈ రెండూ పాటించగలిగే చోటికి పరుగుని దించండి. కొందరికి సగానికి తగ్గిస్తే చాలు. పరిగెత్తిన ప్రతిసారీ నాలుగో అయిదో ఉంటే పది రోజులు, రెండు వారాలు పరుగు మాని, నొప్పి లేనంత నడక, సైకిలు, ఈత పెట్టుకోవాలి.

తగ్గించే వరుస కూడా ముఖ్యం. ముందు వేగం, పల్లాలు తీసేయండి. తర్వాత రోజులు తగ్గించండి. పరుగుకీ పరుగుకీ మధ్య కనీసం ఒక రోజు ఖాళీ ఉండాలి. ఆ తర్వాతే నిమిషాలు. పల్లం దిగేటప్పుడు కాలు బ్రేకులా పనిచేస్తుంది, టిబియాకి అది అన్నిటికంటే కష్టమైన పని. చాలామంది దూరం తగ్గిస్తారు గానీ అదే పల్లం రోజూ దిగుతూ, తగ్గడం లేదేంటని అడుగుతారు.

పూర్తిగా నెల రోజులు మంచమెక్కడం మాత్రం షిన్ స్ప్లింట్స్‌కి మందు కాదు. నొప్పి పోతుంది, నిజమే. కానీ కండలూ ఎముకా మళ్ళీ మొదటికొస్తాయి. మళ్ళీ పాత దూరంతోనే మొదలుపెడితే నొప్పీ మళ్ళీ అక్కడే పట్టుకుంటుంది.

ఒక మనిషి విషయంలో ఇదంతా ఎలా ఉంటుందో చెప్పండి.

నేను తరచుగా చూసే తీరు ఇది. ముప్పై ఎనిమిదేళ్ళ ఆమె. రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం. మొదటి రెండు వారాలు వారానికి మూడు రోజులు, నడకా పరుగూ కలిపి మొత్తం 6, 8 కిలోమీటర్లు. మూడో వారం 12. నాలుగో వారంలో తోడుగా పరిగెత్తేవాళ్ళు దొరికారు, ఆరు రోజులు వెళ్ళింది, 22 కిలోమీటర్లు. అయిదో వారం కుడికాలు లోపలి అంచున నొప్పి. నొక్కి గీతలు పెడితే 9 సెంటీమీటర్లు. మొదటి పది నిమిషాలు ఉండి తగ్గుతుంది, పొద్దున లేవగానే కాసేపు పట్టేసినట్టుంటుంది. నడకకి లేదు, రాత్రి లేదు. షిన్ స్ప్లింట్స్.

"మానేయమంటారా?" అని అడిగింది, మానేయమంటే ఏడ్చేట్టుంది. రెండు వారాలు పరుగు మాత్రం ఆపుదాం అన్నాను. వారానికి నాలుగు రోజులు చదును నేల మీద 25 నిమిషాల నడక, రెండు రోజులు సైకిలు, రోజు విడిచి రోజు పిక్కల వ్యాయామం. రెండు వారాలకి నొక్కితే నొప్పి 4 సెంటీమీటర్లకి తగ్గింది. చోటు చిన్నదవడం చూసి నేను ఒక క్షణం ఆగాను, ఎందుకంటే పగులు కూడా చిన్న చోటే. కానీ నొప్పి తీవ్రత కూడా ఆరు నుంచి ఒకటికి పడింది. చోటు కుంచించుకుపోతూ పోటు పెరిగితే ప్రమాదం. రెండూ తగ్గితే మానుతున్నట్టు.

మూడో వారంలో ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, అలా ఎనిమిది సార్లు, వారానికి మూడు రోజులు. అంటే 24 నిమిషాల్లో పరుగు ఎనిమిదే. నాలుగో వారం నిమిషంన్నర పరుగు, నిమిషంన్నర నడక, అవీ ఎనిమిది సార్లే. అయిదో వారం ఒక రోజు ఉత్సాహం ఆపుకోలేక పల్లం వైపు వెళ్ళింది. నొప్పి నాలుగు, మర్నాడు నొక్కితే ముందుకంటే ఎక్కువ. మళ్ళీ మొదటికి వెళ్ళలేదు. రెండు రోజులు విశ్రాంతి, మళ్ళీ నిమిషంన్నర మెట్టుకే వచ్చి ఆరో వారం అంతా అక్కడే ఉంది. ఏడు, ఎనిమిది వారాలు రెండు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక. తొమ్మిదో వారం నాలుగు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక, అయిదు సార్లు. పదో వారంలో ఆగకుండా 20 నిమిషాలు పరిగెత్తింది.

వారానికి పది శాతం కంటే పెంచకూడదనే సూత్రం మీరు వినే ఉంటారు. అది మంత్రమేమీ కాదు. వారానికి ఎనిమిది నిమిషాలు పరిగెత్తేవాళ్ళకి పది శాతం అంటే ఒక నిమిషం కూడా కాదు. ఒక మెట్టు మీద కనీసం మూడు పరుగులు నొప్పి రెండు దాటకుండా గడిస్తేనే పై మెట్టు, రెండు సంగతులు ఒకేసారి పెంచొద్దు అని నేను చెబుతాను. నిమిషాలు పెంచిన వారం వేగం అంతే ఉండాలి.

నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తితే?

వద్దు. ఈ పద్ధతి అంతా నొప్పిని కొలిచి నడుచుకోవడం మీదే నిలబడి ఉంది; మాత్ర ఆ కొలతని చెరిపేస్తుంది. రాత్రి నిద్ర పట్టనంత నొప్పి ఉంటే మాత్ర కంటే ముందు పరీక్ష కావాలి.

ఐస్, స్ట్రెచింగ్, కొత్త బూట్లు, కాలికి బిగుతు సాక్సు?

ఐస్ పది పదిహేను నిమిషాలు గుడ్డలో చుట్టి పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. అంతవరకే. సాక్సు కొందరికి ఊరటనిస్తుంది, దాని వల్ల తొందరగా మానుతుందని చెప్పలేను. పిక్కలు నిజంగా బిగిసి ఉంటే స్ట్రెచింగ్ చేయండి, కానీ ఎముక అంచుని వేళ్ళతో గట్టిగా రుద్దొద్దు. రుద్దించుకుని ఇంకా మంట పెట్టుకున్నవాళ్ళని చూశాను. బూట్ల అడుగు ఒక వైపు అరిగిపోయి ఉంటే మార్చండి. పాదం వంపు బాగా లోపలికి వాలిపోయేవాళ్ళకి లోపల వేసుకునే మెత్త ఉపయోగపడవచ్చు. వీటిలో ఏదీ పరుగు తగ్గించడానికి బదులు కాదు.

పిక్కల వ్యాయామం అన్నారు. ఎలా చేయాలి?

గోడకి ఎదురుగా నిలబడి, వేళ్ళు ఆనించి, రెండు కాళ్ళ మీద మడమలు ఎత్తండి. రెండు లెక్కపెడుతూ పైకి, మూడు లెక్కపెడుతూ కిందికి. పన్నెండేసి సార్లు, మూడు విడతలు, రోజు విడిచి రోజు. మోకాళ్ళు నిటారుగా పెట్టి సగం, కొద్దిగా వంచి సగం చేయండి. మోకాలు వంచినప్పుడు లోపల ఉండే సోలియస్ కండ ఎక్కువ పనిచేస్తుంది, ఎముక వంపుని ఆపేది ముఖ్యంగా అదే. తేలిక అనిపించాక ఒంటికాలి మీదకి మారండి. నొప్పి లేని కాలితో ఇరవై చేయగలిగి, నొప్పి కాలితో పదికే వణుకు వస్తే చేయాల్సిన పని ఇంకా ఉన్నట్టు.

పగులు అనుమానం ఉన్నవాళ్ళు ఇది డాక్టర్ అనుమతిచ్చాకే మొదలుపెట్టాలి.

పరిగెత్తే తీరు మార్చుకోవాలా?

ఒక్కటే మార్చండి: అంగ చిన్నది చేసి అడుగులు పెంచడం. అరనిమిషంలో కుడికాలు ఎన్నిసార్లు నేల తాకిందో లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. 39 వస్తే నిమిషానికి 156 అడుగులు. అదే వేగంలో 41కి పెంచితే 164, అంటే సుమారు అయిదు శాతం. పాదం ఒంటికి బాగా ముందు పడకుండా కిందే పడుతుంది, టిబియా మీద ఒక్కో అడుగు భారం తగ్గుతుంది. మడమ బదులు మునివేళ్ళ మీద పరిగెత్తమని ఎవరైనా చెబితే ఈ నొప్పి ఉండగా ఆ ప్రయత్నం చేయకండి. ఆ భారమంతా పిక్క మీదకి, అక్కడినుంచి అదే ఎముక మీదకి వస్తుంది.

స్ట్రెస్ ఫ్రాక్చరే అని తేలింది. ఎన్నాళ్ళు పడుతుంది?

లోపలి అంచున పడ్డ పగులు చాలావరకు ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మానుతుంది, ముదిరినదైతే పన్నెండు వారాలు, ఇంకా ఎక్కువ కూడా. నడకకి నొప్పి ఉంటే డాక్టర్ ఊతకర్రో, మోకాలి దాకా వచ్చే బూటో ఇస్తారు. ఇక్కడ షిన్ స్ప్లింట్స్ సూత్రం పనిచేయదు. నొప్పి రెండు దాకా ఫర్వాలేదు అనేది పగులుకి లేదు; సున్నాయే ఉండాలి.

మళ్ళీ పరుగు మొదలుపెట్టే ముందు మూడు సంగతులు చూస్తాను. పగులు చోట గట్టిగా నొక్కినా నొప్పి ఉండకూడదు. 30 నిమిషాలు వేగంగా నడిచినా, ఆ రోజూ మర్నాడూ ఏమీ ఉండకూడదు. ఒంటికాలి మీద పదిసార్లు గెంతితే రెండో కాలికీ దానికీ తేడా ఉండకూడదు. ఆ తర్వాత ఒక నిమిషం పరుగు, నాలుగు నిమిషాల నడక నుంచి మొదలు.

నేను పెద్దగా పెంచనేలేదు. అయినా పగులు ఎందుకొచ్చింది?

అప్పుడు ఎముక వైపు చూడాలి. బరువు తగ్గడానికని పరుగు మొదలుపెట్టి, అదే వారంలో తిండి కూడా సగానికి తగ్గించినవాళ్ళలో ఇది ఎక్కువ. ఖర్చుకి తగ్గ తిండి లేకపోతే శరీరం ముందు కోత పెట్టే పనుల్లో ఎముక మరమ్మతు ఒకటి. ఆడవాళ్ళలో నెలసరి ఆగిపోవడమో, నెలలు దాటిపోవడమో దీనికి పెద్ద గుర్తు. పరుగు వల్ల అలా అవడం మామూలే అని వదిలేయకండి, డాక్టర్‌తో తప్పకుండా చెప్పండి. విటమిన్ డి, థైరాయిడ్, ఏళ్ళ తరబడి వాడిన స్టీరాయిడ్ మందులు, మునుపు ఎప్పుడైనా వచ్చిన ఇలాంటి పగులు, ఇవన్నీ అడగాల్సినవే. ఇలాంటప్పుడు పరుగు ఎంత జాగ్రత్తగా సర్దినా అసలు కారణం సర్దకపోతే పగులు ఇంకోచోట వస్తుంది.

ఈ రెండూ కాకుండా వేరే ఏమైనా కావచ్చా?

కావచ్చు. పరుగు మొదలుపెట్టిన ప్రతిసారీ ఇంచుమించు అన్నే నిమిషాలకి కాలు ఉబ్బి బిగుసుకుపోయినట్టై, పాదం మొద్దుబారి, ఆగిన కాసేపటికి పూర్తిగా తగ్గిపోతే అది కండల గదుల్లో ఒత్తిడి పెరిగే జబ్బు కావచ్చు. ఎముకని నొక్కితే అందులో నొప్పి ఉండదు.

ఒక పిక్క మాత్రమే వాచి, వెచ్చగా, ఎర్రగా ఉండి, పరుగుతో సంబంధం లేకుండా నొప్పి ఉంటే సిరలో రక్తం గడ్డకట్టిందేమో ఆ రోజే చూపించుకోవాలి. ఆయాసం, ఛాతీ నొప్పి తోడైతే నేరుగా ఎమర్జెన్సీకే. దెబ్బ తగిలాకో బాగా శ్రమ పడ్డాకో కాలు రాయిలా గట్టిపడి, ఆగినా తగ్గని భరించలేని నొప్పి ఉన్నా, పాదం పైకెత్తలేకపోయినా అంతే. పరిగెత్తుతుండగా ఎముక టక్కుమని, ఆ తర్వాత కాలు మోపలేకపోతే కాలిని కదపకుండా ఉంచి ఆస్పత్రికి వెళ్ళండి. జ్వరంతో ఎముక నొప్పి వచ్చినా, వారాలు గడిచినా తగ్గని రాత్రి నొప్పి ఉన్నా పరుగు మీద నెపం పెట్టి ఇంట్లో కూర్చోకండి.

తగ్గిపోయింది. మళ్ళీ రాకుండా ఏం గమనించుకోవాలి?

ఒకసారి వచ్చినవాళ్ళకి మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ. కాబట్టి మొదటి మూడు నెలలు పరిగెత్తిన మర్నాడు పొద్దున, పళ్ళు తోముకునే ముందు ఎముక అంచుని ఒకసారి కింది నుంచి పైకి నొక్కి చూసుకోండి. అర నిమిషం పని. నొప్పి లేని రోజుల్లో ఆ అంచు మామూలుగా ఎలా తగులుతుందో వేళ్ళకి తెలిసి ఉంటే, తేడా వచ్చిన రోజు వెంటనే పట్టేస్తారు. తేడా వస్తే ఆ రోజు పరుగు నడకగా మార్చండి. రెండు రోజులకీ పోకపోతే ఒక మెట్టు దిగండి. చోటు ఒక వేలికి కుదించుకుపోయి పోటు పెరుగుతోందంటే ఆ రోజు నుంచి పరుగు లేదు, డాక్టర్ అపాయింట్‌మెంటే.